మనసులో ఎనిమిది, చేతిలో ఐదు: గణిత వాచక రచయితలకు ఒక బహిరంగ లేఖ

ఒకటి, రెండు తరగతుల గణిత వాచకాలు రాసే పెద్దలకు,

మీలో ఎవరినీ నేను ముఖతా ఎరగను. కానీ ఇరవై రెండేళ్ళుగా మీ పేజీలే మా నల్లబల్ల మీదికి ఎక్కుతున్నాయి. వాటిలో రెండు పేజీల గురించి, నిజానికి ఆ రెండు పేజీల మధ్య ఉండాల్సి ఉండీ లేని మూడు వారాల గురించి ఈ ఉత్తరం.

పోయిన జూన్‌లో బడి తెరిచిన వారానికి నాలుగో తరగతి పిల్లలను నోటిలెక్కలు అడుగుతున్నాను. "నలభై ఏడుకి ఎనిమిది కలిపితే ఎంతమ్మా?" అన్నాను రెండో వరసలో పిల్లతో. చెయ్యి బల్ల కిందికి పోయింది, పెదాలు కదిలాయి. కాసేపటికి "యాభై నాలుగు టీచర్" అంది. తిట్టను, ఎలా చెప్పావో చూపించు అన్నాను. పక్కన కూర్చుంటే మెల్లగా చెయ్యి పైకి తీసి, ఒక్కో వేలు తెరుస్తూ "నలభై ఏడు, నలభై ఎనిమిది, నలభై తొమ్మిది..." అని లెక్కపెట్టింది. ఎనిమిదో వేలు తెరిచేసరికి యాభై నాలుగు. మొదటి వేలికే నలభై ఏడు అనేసింది, అందుకే ఒకటి తగ్గింది. మర్నాడు అదే లెక్క అడిగితే నలభై ఎనిమిది నుంచి మొదలుపెట్టి యాభై ఐదు అని సరిగ్గానే చెప్పింది. నలభై ఏడుకి ముప్ఫై ఎనిమిది కలపమంటే మాత్రం నోరు తెరవలేదు. "పుస్తకంలో వేసి చెప్తా టీచర్" అంది. వేసింది, సరిగ్గానే వచ్చింది. మార్కుల రిజిస్టరులో ఈ పిల్లకు కూడికలు వచ్చు.

ఈ పిల్ల చేసిన పని తెలుగు బడిలో చదువుకున్న వాళ్ళందరికీ తెలిసిందే. "పెద్దది మనసులో, చిన్నది చేతిలో." ఎనిమిదికి ఐదు కలపాలంటే ఎనిమిది మనసులో పెట్టుకోవాలి, ఐదు వేళ్ళు తెరవాలి, ఎనిమిది తర్వాత నుంచి ఎంచుకుంటూ పోవాలి. నాకు మా మాస్టారు అలాగే నేర్పారు. నేనూ కొన్ని వందల మందికి అలాగే నేర్పాను. అది తప్పు పద్ధతని ఇప్పుడూ అనను. ఎనిమిది గింజలు, ఐదు గింజలు కుప్పపోసి ఒకటి నుంచి పదమూడు దాకా ఎంచే పిల్లకు, ఎనిమిది దగ్గర ఆగి ముందుకు ఎంచడం పెద్ద మెట్టే. నా బాధల్లా పిల్లలను ఆ మెట్టు మీద కూర్చోబెట్టి, మనం పై తరగతి పుస్తకం తెరవడం గురించే. అరుగు మీద కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాం, ఇంట్లోకి మాత్రం పిలవలేదు.

ఎంచడంతో ఉన్న చిక్కు చూడండి. ఎనిమిదికి ఐదు కలపడానికి ఐదు అడుగులు. నలభై ఏడుకి ముప్ఫై ఎనిమిది కలపడానికి ముప్ఫై ఎనిమిది అడుగులు. పైగా ప్రతి అడుగులో రెండు లెక్కలు ఒకేసారి నడవాలి: నోటితో ఎక్కడిదాకా వచ్చామన్నది ఒకటి, వేళ్ళ మీద ఎన్ని అయ్యాయన్నది ఇంకొకటి. మధ్యలో పక్క పిల్లాడు మోచేత్తో పొడిస్తే రెండూ పోతాయి. అందుకే ఈ పద్ధతిలో వచ్చే తప్పు దాదాపు ఎప్పుడూ ఒక్కటి ఎక్కువో, ఒక్కటి తక్కువో ఉంటుంది. నలభై ఏడు, ఎనిమిదికి యాభై నాలుగు అని గానీ, యాభై ఆరు అని గానీ రాసిన నోటుబుక్కు కనిపిస్తే, ఆ పిల్ల కలపడం లేదు, ఎంచుతోందని మీరు బడికి రాకుండానే చెప్పొచ్చు.

ఇక రెండో దారి. ఎనిమిదికి రెండు చేరిస్తే పది. ఐదులోంచి ఆ రెండు తీస్తే మిగిలేది మూడు. పదీ మూడూ పదమూడు. ఇదేం కొత్త సంగతి కాదని నాకు తెలుసు, మీకూ తెలుసు. జపాన్‌లో ఒకటో తరగతిలో పది దాటే కూడిక ఒక ప్రత్యేక పాఠం. అక్కడ సాధారణంగా 9తో మొదలుపెడతారు. రెండో సంఖ్య కింద రెండు గీతలు, వాటి కొసల్లో రెండు సున్నాలు గీసి, సంఖ్యను విడగొట్టి అందులో రాస్తారు. ఆ బొమ్మ చెర్రీ పళ్ళ జతలా ఉంటుందని దానికి ఆ పండు పేరే పెట్టుకున్నారు, సకురాంబో లెక్క అని. చైనా, అమెరికా ఉపాధ్యాయులను పోల్చి లిపింగ్ మా 1999లో పుస్తకం తెచ్చారు. స్థాన మార్పిడి కూడికలకూ తీసివేతలకూ వేరు ఎక్కడుందంటే ఇరవై లోపు లెక్కల్లోనే ఉందని చైనా ఉపాధ్యాయులు చెప్పిన మాట అందులో ఉంది. మన పుస్తకాల్లోనూ "పది చేయండి" అనే పేజీ ఒకటి ఉంటోంది. కాదనను. ఖాళీలు పూరిస్తారు, రంగులు వేస్తారు, ఆ పేజీ అయిపోతుంది. తర్వాత ఆ జతలతో పని పడేచోటికి వచ్చేసరికి పుస్తకం వాటిని మరిచిపోయి, బొమ్మలు లెక్కపెట్టి కలపమంటుంది.

ఆ జతలు ఎంత దాకా పనికొస్తాయో ఒకసారి నేనే కూర్చుని లెక్క తీశాను. ఒక అంకెకు ఇంకో అంకె కలిపితే పది దాటే కూడికలు, వెనకా ముందూ మార్చినవి ఒకటిగానే పట్టుకుంటే, మొత్తం ఇరవై. పెద్ద అంకె 9 అయినవి ఎనిమిది, తొమ్మిదికి రెండు నుంచి తొమ్మిదికి తొమ్మిది దాకా. పెద్ద అంకె 8 అయినవి ఆరు. 7 అయినవి నాలుగు. 6 అయినవి రెండే, ఆరుకి ఐదు, ఆరుకి ఆరు. పెద్ద అంకె ఐదో, అంతకన్నా తక్కువో అయితే పది దాటడమే లేదు. అంటే పిల్ల తెలుసుకోవాల్సింది తొమ్మిదికి ఒకటి, ఎనిమిదికి రెండు, ఏడుకి మూడు, ఆరుకి నాలుగు. ఈ నాలుగు జతలు చేతిలో ఉంటే ఇరవై కూడికలకూ తలుపు తీసినట్టే. ఐదుకి ఐదు అనే జత ఎలాగూ రెండు చేతులు చూపిస్తే వస్తుంది.

ఈ జతలు నేర్పడానికి నేను వాడేది గుడ్ల అట్ట. మధ్యాహ్న భోజనానికి గుడ్లు వచ్చే అట్టలో ముప్ఫై గుంటలుంటాయి, వరసకు ఐదు చొప్పున ఆరు వరసలు. కత్తెరతో రెండేసి వరసలకు ఒక ముక్కగా కోస్తే పదేసి గుంటల ముక్కలు మూడు వస్తాయి. దాన్ని అడ్డంగా పెట్టి పైవరసలో ఐదు, కింది వరసలో ఐదు ఉండేలా చూడాలి. గింజలు వేసేటప్పుడు పైవరస ఎడమ నుంచి నింపుతూ రావాలి, అది నిండాకే కిందికి దిగాలి. ఈ పట్టింపు చాదస్తం అనుకోవద్దు. ఏడు గింజలు ఇలా వేస్తే ఒక నిండు వరస, కింద రెండు, పక్కన ఖాళీ గుంటలు మూడు. ఆ మూడింటిని ఎవరూ ఎంచరు. కంటికి మూడు, నాలుగు దాకా వస్తువులు ఎంచకుండానే ఎన్నో తెలిసిపోతాయి, నాలుగు దాటితేనే ఎంచాల్సి వస్తుంది. మనకు కావాల్సిన ఖాళీలు ఒకటి నుంచి నాలుగు దాకానే. అందుకే ఈ అట్ట ఇంత బాగా పనిచేస్తుంది. గింజలు ఎలా పడితే అలా చల్లితే అది ఉత్త అట్ట.

ఒక అట్టలో ఎనిమిది చింతగింజలు, రెండో అట్టలో ఐదు పెట్టి "ఎన్ని?" అంటే మొదటి రోజు అందరూ ఎంచుతారు. ఎంచనివ్వాలి. రెండో రోజు "ఎనిమిది ఉన్న అట్ట నిండాలంటే ఎన్ని కావాలి? ఎక్కణ్ణుంచి తెస్తావు?" అని అడుగుతాను. రెండు గింజలు ఇటు వస్తాయి. ఇప్పుడు ఒకటి నిండు అట్ట, రెండోదాంట్లో మూడు. పదమూడు అనడానికి ఎవరికీ వేళ్ళు అక్కర్లేదు. నాలుగైదు రోజులయ్యాక గింజలు కదపొద్దని చెబుతాను, కళ్ళతోనే జరపమంటాను. ఇక్కడే గది నిశ్శబ్దమవుతుంది. కొందరు గింజల మీద వేలు గాల్లో కదుపుతారు. అది మంచి గుర్తు, వాళ్ళు దారిలో ఉన్నారు. చివరికి అట్టల మీద కండువా కప్పేస్తాను. "అటు ఎనిమిది, ఇటు ఐదు" అని నోటితోనే చెబుతాను. కండువా కప్పే రోజు మరీ తొందరపడితే మళ్ళీ వేళ్ళే బయటికొస్తాయి, మరీ ఆలస్యం చేస్తే గింజలు లేనిదే లెక్క రాదంటారు. దీనికి కొలత పుస్తకంలో రాయడం కష్టం, ఒప్పుకుంటాను.

జతలు నోటికి రావడానికి ఇంకో ఆట ఉంది, కొబ్బరి చిప్ప ఆట. ఇద్దరు పిల్లలు, పది గింజలు, ఒక చిప్ప. ఒకరు కళ్ళు మూసుకుంటే రెండోవారు కొన్ని గింజలు చిప్ప కింద దాస్తారు. కళ్ళు తెరిచి, బయట ఉన్నవి చూసి లోపల ఎన్నో చెప్పాలి. బయట ఆరు. ఒక పిల్లాడు ఠక్కున "నాలుగు" అంటాడు. ఇంకొకడు "ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది" అని నాలుగు వేళ్ళు తెరిచి, వేళ్ళు చూసి "నాలుగు" అంటాడు. జవాబు ఒకటే, చదువు ఒకటి కాదు. నా రిజిస్టరులో మొదటివాడికి ఒక చుక్క, రెండోవాడికి ఒక గీత పెడతాను. పిల్లలు తారుమారు చేసేది ఎప్పుడూ ఏడు మూడు, ఆరు నాలుగు జతల దగ్గరే. ఏడుకి నాలుగు, ఆరుకి మూడు అంటారు. తొమ్మిది ఒకటి, ఎనిమిది రెండు తొందరగానే వస్తాయి. అందుకని ఆ రెండు బండ జతలకు ఎక్కువ రోజులు పెట్టుకుంటాను. రోజుకు పది నిమిషాల లెక్కన మా తరగతిలో అందరి పేర్ల పక్కనా చుక్కలు రావడానికి మూడు వారాలు పడుతోంది. మీ పుస్తకంలో అది ఒక్క పేజీ.

ఇంతవరకు చెప్పింది నాకు చాన్నాళ్ళ కిందటే తెలుసు. తెలిసీ ఫలితం రాక, ఈ పద్ధతి మన పిల్లలకు పట్టదేమో అని ఒక రెండేళ్ళు వదిలేశాను కూడా. పొరపాటు ఎక్కడ జరిగిందో ఒక పిల్లాడి జవాబుతో తెలిసింది. ఎనిమిదికి ఐదు కలిపితే పదిహేను అన్నాడు. ఎంచితే వచ్చే తప్పు కాదిది, ఒకటి తేడా ఉంటే అనుకోవచ్చు, ఇది సరిగ్గా రెండు ఎక్కువ. ఎలా చెప్పావురా అంటే "ఎనిమిదికి రెండు వేస్తే పది టీచర్, పదికి ఐదు వేస్తే పదిహేను" అన్నాడు. పది జత వాడికి గట్టిగా వచ్చు. ఆ రెండు ఐదులోంచే తేవాలన్నది జారిపోయింది. ఎందుకు జారిపోయిందంటే, ఐదును రెండు, మూడుగా చీల్చడం వాడికి అలవాటు లేదు. నేను పది జతలు ఒక్కటే నేర్పి ఊరుకున్నాను. ఐదు జతలు, ఆరు జతలు, ఏడు జతలు నేర్పలేదు.

చూడండి, ఎనిమిదికి ఐదులో పది జత పని సగమే. రెండో సంఖ్య ఎక్కడ కోస్తే అక్కడ విడిపోవాలి. ఐదు అంటే నాలుగు ఒకటి, మూడు రెండు. ఏడు అంటే ఆరు ఒకటి, ఐదు రెండు, నాలుగు మూడు. అదే కొబ్బరి చిప్ప ఆట పది గింజలతో కాకుండా ముందు ఐదుతో, తర్వాత ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిదితో ఆడించాలి. పది జతలు ఆఖరున రావాలి. నేను తలకిందులుగా చేశాను, మీ పుస్తకాల్లోనూ పదికే పేజీ ఉంటోంది, ఏడుకి లేదు. ఇప్పుడు పిల్ల తప్పు చెబితే మూడింట్లో ఏది తెగిందో వెతుకుతాను. "ఎనిమిదికి ఎన్నయితే పది?" అన్నదానికి తడబడితే పది జత రాలేదు. దానికి బదులిచ్చి, "ఐదులో రెండు పోతే?" దగ్గర వేళ్ళు తెరిస్తే చీలిక రాలేదు. రెండూ చెప్పి, "పదీ మూడూ?" అంటే "పదకొండు, పన్నెండు, పదమూడు" అని ఎంచితే మూడోది రాలేదు.

ఆ మూడో ముక్క దగ్గర తెలుగు మనకు చేసే సాయం మీరు వాడుకోవడం లేదని నా ఫిర్యాదు. పదమూడు అనే మాటలోనే పదీ మూడూ వినపడుతున్నాయి. పద్నాలుగు, పదహారు, పదిహేడు, పద్దెనిమిది, అన్నీ జవాబును నోట్లో పెట్టే మాటలే. పదిహేనులో ఉన్నది పాత 'ఏను' కాబట్టి పిల్లలకు వినపడదు. పదకొండు, పన్నెండు దగ్గర కొంచెం చెప్పాలి. అందుకే మొదటి పాఠానికి తొమ్మిదికి రెండు, ఎనిమిదికి నాలుగు కాకుండా, జవాబు పదమూడో పద్నాలుగో వచ్చే లెక్కలు తీసుకుంటాను: తొమ్మిదికి నాలుగు, తొమ్మిదికి ఐదు, ఎనిమిదికి ఐదు. ఇరవై దాటాక మరీ సుఖం, ఇరవై మూడు, ముప్ఫై మూడు, ఒకే తీరు. హిందీ పిల్లలు వంద దాకా ప్రతి మాటా విడిగా బట్టీ పట్టాల్సిందే. ఎదురెదురు పేజీల్లో తెలుగూ ఇంగ్లీషూ అచ్చయ్యే పుస్తకాలు వచ్చాక, మా పిల్లలు థర్టీన్ అనే మాటతో పదమూడు నేర్చుకుంటున్నారు. అందులో ముందు వినపడేది మూడు. పదమూడు రాయమంటే 31 రాసేవాళ్ళు అందుకే కనిపిస్తున్నారు. ఇంగ్లీషు వద్దని అనడం లేదు. లెక్క తెలుగులో చేసుకుని, జవాబు ఇంగ్లీషులో చెప్పనివ్వండి అంటున్నాను.

ఇప్పుడు మళ్ళీ ఆ నాలుగో తరగతి పిల్ల దగ్గరికి వద్దాం. నలభై ఏడుకి ఎనిమిది. పైన చెప్పిన మూడూ ఉన్న పిల్ల అయితే ఏడుకి మూడు కావాలనుకుంటుంది, యాభై అయింది, ఎనిమిదిలో మూడు పోతే ఐదు, యాభై ఐదు. నలభైని ముట్టుకోనే అక్కర్లేదు. ఏడుకి మూడు పదిని నింపితే, నలభై ఏడుకి మూడు యాభైని నింపుతుంది, అంతే తేడా. ఈ ఒక్క సంగతి పిల్లలకు దానంతటదే తట్టదు. అందుకని అట్టలను వరసగా పేరుస్తాను, నాలుగు నిండు అట్టలు, ఐదోదాంట్లో ఏడు గింజలు. నిండినవాటిని ఎవరూ తిరిగి చూడరు, కళ్ళు ఐదో అట్ట ఖాళీల మీదికే పోతాయి.

రెండంకెలకు రెండంకెలు కలపడమూ ఇదే. ముప్ఫై ఆరుకి ఇరవై ఏడు. ముందు ఇరవై వేస్తే యాభై ఆరు. మిగిలింది ఏడు. యాభై ఆరుకి నాలుగు వేస్తే అరవై, ఏడులో ఇక మూడు, అరవై మూడు. ఇందులో ఎంచడం ఎక్కడా లేదు. ఇదే కూడికను నిలువుగా వేసినా ఒకట్ల స్థానంలో ఆరూ ఏడూ ఎదురుపడక తప్పదు. మా సహోద్యోగులు స్థాన మార్పిడి పిల్లలకు కష్టమని వాపోతుంటారు. నేను చూసినంతలో, చేతిలో ఒకటి మరిచిపోయేవాళ్ళలో చాలామంది ఆ ఒకటిని మరిచిపోవడం లేదు. ఆరుకి ఏడు వేళ్ళ మీద ఎంచి పదమూడు తేల్చేసరికి, ఎక్కడున్నామన్నదే మరిచిపోతున్నారు.

పది జతను వందకు సాగదీసేచోట ఒక గుంట ఉంది, ముందే చెప్పి ఉంచుతాను. వంద నోటిచ్చి అరవై మూడు రూపాయల సరుకు కొంటే చిల్లర ఎంత అని అడగండి. జతలు బాగా వచ్చిన పిల్లలే నలభై ఏడు అంటారు. మూడుకి ఏడు, ఆరుకి నాలుగు, రెండు జతలూ సరైనవే మరి. కానీ మూడుకి ఏడు వేయగానే ఇంకో పది తయారవుతుంది, అరవై కాస్తా డెబ్బై అవుతుంది, ఇక కావాల్సింది ముప్ఫై. మా ఊరి కిరాణా కొట్టాయనను చూపిస్తే పిల్లలకు పట్టుబడుతుంది. ఆయన తీసివేత చేయడు. "అరవై మూడు" అని ఐదు బిళ్ళ, రెండు బిళ్ళ పెట్టి "డెబ్బై" అంటాడు, పది నోటూ ఇరవై నోటూ పెట్టి "వంద" అంటాడు. చేతిలో ముప్ఫై ఏడు. పది దగ్గర ఆగి, అక్కణ్ణుంచి ముందుకు పోవడమే ఆయన చేస్తున్నదీ.

ఇంత చెప్పానని, ప్రతి కూడికనూ పది మీదుగానే చేయించాలని రాయొద్దు. ఏడుకి ఏడు పద్నాలుగని తెలిసిన పిల్ల ఏడుకి ఎనిమిది పదిహేనని వెంటనే చెబుతుంది. దాన్ని పట్టుకుని, కాదు, ముందు మూడు తీయి అంటే అది హింస. ఆరుకి ఐదు అన్నప్పుడు ఐదూ ఐదూ పది, ఇంకొకటి అనడమే అందం. తొమ్మిది వచ్చిన చోట పది వేసి ఒకటి తీసేసే పిల్లలున్నారు, వాళ్ళనూ వదిలేయండి. నాకు ఇంకా ఎక్కువ భయం ఆ చెర్రీ బొమ్మ లాంటివాటి గురించి. విడగొట్టడాన్ని కాగితం మీద చూపించడానికి పనికొచ్చే బొమ్మే. పరీక్షలో ఆ సున్నాల్లో అంకెలు నింపితే రెండు మార్కులు అన్నారంటే, పదమూడని ముందే తెలిసిన పిల్ల జవాబు రాసేసి, వెనక్కొచ్చి సున్నాలు నింపుతుంది. రాని పిల్ల సున్నాలు నింపడాన్ని బట్టీ పడుతుంది. ఇంకా ఎనిమిది గింజలు ఎంచడానికే తడబడే పిల్లలకు ఇవేవీ పెట్టకూడదు. వాళ్ళకు ముందు ఎంచడమే రావాలి.

ఇక నేను అడిగేది. ఒకటో తరగతి పుస్తకంలో ఐదు నుంచి తొమ్మిది దాకా చిప్ప ఆట ఒక్కో సంఖ్యకు ఒక్కో చోట రావాలి, పది చివర రావాలి. పది పేజీ అయ్యాక పాఠం మారిపోకుండా రోజూ ఐదారు నోటి ప్రశ్నలుగా ఉపాధ్యాయుల పుస్తకంలో దాన్ని కొనసాగించండి. పది దాటే కూడికకు విడిగా ఒక అధ్యాయం ఇవ్వండి, బొమ్మలు ఎంచి కలిపే పేజీల్లో కలిపేయకండి. ముందు తొమ్మిది, తర్వాత ఎనిమిది, ఆ తర్వాతే ఏడు, ఆరు. నిలువు కూడిక ఈ అధ్యాయం తర్వాతే మొదలవ్వాలి. అభ్యాసం కింద ఉపాధ్యాయుడికి ఒక్క వాక్యం రాయండి, "జవాబు కాదు, ఎలా చెప్పారో అడగండి" అని. ఎనిమిదికి ఐదు కలపమంటే పన్నెండు, పదమూడు, పదిహేను అని మూడు జవాబులొస్తే, వాటిలో రెండు తప్పులూ రెండు వేర్వేరు కారణాల వల్ల వచ్చినవని కూడా అక్కడే చెప్పండి. మా పనిలో సగం తేలికవుతుంది.

ఇంకొక్కటి, చిన్నది. గుడ్ల అట్ట బొమ్మ వేయిస్తే చిత్రకారుడికి గట్టిగా చెప్పండి, పైన ఐదు, కింద ఐదు గుంటలే ఉండాలని. పేజీలో చోటు చాలలేదని నాలుగు, మూడు, మూడుగా మార్చేస్తే, ఎనిమిది గింజలు పెట్టినప్పుడు ఐదు వరస కనపడదు, ఉన్నవి ఎనిమిదని చెప్పడానికి పిల్లలు మళ్ళీ మొదటి గింజ నుంచి ఎంచుతారు.

ఇట్లు,
ఒక మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలు